స్పర్శరేఖ లేని వక్రం

కాగితంపై పెన్సిలు ఎత్తకుండా గీసిన గీతను చూచినవారికి, ఆ గీత ప్రతి చోటా ఏదో ఒక దిశగా సాగుతున్నదనే భావం సహజంగా కలుగుతుంది. అక్కడక్కడ మొనలు, మలుపులు ఉండవచ్చు. రంపపు పళ్ళ వంటి గీతలో పంటి కొన వద్ద దిశ హఠాత్తుగా మారుతుంది. అక్కడ స్పర్శరేఖ ఏదని అడిగితే సమాధానం ఉండదు. అయినా రెండు కొనల నడుమ గీత తిన్నగానే ఉంటుంది. కనుక మొనలు మినహాయింపులు మాత్రమేననీ, తెగకుండా సాగే ఏ వక్రానికైనా మిగిలిన అన్ని చోట్లా స్పర్శరేఖ ఉండి తీరుతుందనీ పందొమ్మిదవ శతాబ్దపు గణితవేత్తలలో అనేకులు నమ్మారు. విద్యుచ్ఛాస్త్రంలో తన పేరు చిరస్థాయిగా నిలిచిన ఆంపియర్ 1806లో ఈ నమ్మకానికి నిరూపణ సమకూర్చ యత్నించాడు. ఆ నిరూపణలోని లోపం చాలాకాలం ఎవరినీ అంతగా బాధించలేదు. కంటికి స్పష్టంగా కనిపించేదానికి నిరూపణ కొంచెం బలహీనంగా ఉన్నా ఎవరు పట్టించుకుంటారు!

ఈ నమ్మకాన్ని కూలద్రోసిన వ్యక్తి ఒకప్పటి బడిపంతులు. కార్ల్ వైయర్‌స్ట్రాస్ 1815 అక్టోబరు 31న జర్మనీలోని వెస్ట్‌ఫేలియా ప్రాంతంలో ఆస్టెన్‌ఫెల్డె అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి కోరికపై న్యాయశాస్త్రం, ఆర్థిక పాలన చదవడానికి బాన్ విశ్వవిద్యాలయంలో చేరి, పట్టం పుచ్చుకోకుండానే బయటకు వచ్చాడు. పిదప మ్యూన్‌స్టర్‌లో ఉపాధ్యాయ శిక్షణ పొంది, 1842 నుండి డాయిష్‌క్రోనె పట్టణంలోనూ, 1848 నుండి బ్రౌన్స్‌బెర్గ్‌లోనూ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడుగా పనిచేశాడు. ఆ రెండు పట్టణాలూ నేడు పోలండులో ఉన్నాయి. గణితంతో పాటు భూగోళం, వృక్షశాస్త్రం, చివరకు దస్తూరీ, వ్యాయామం కూడ ఆయన బోధించవలసి వచ్చింది. పగలు పాఠాలు, రాత్రి పరిశోధన. అలా సాధించిన ఫలితాలను ఆయన ఎక్కడ ప్రకటించాడన్నది ఇటువంటి సంచికలను చదివేవారికి ఆసక్తి కలిగిస్తుంది: తన పాఠశాల వార్షిక నివేదికలో! విద్యార్థుల తల్లిదండ్రులకోసం అచ్చయ్యే ఆ పుస్తకంలో ఆబెల్ సమాకలనుల గురించిన ప్రౌఢ వ్యాసం ఉందని ఏ విశ్వవిద్యాలయ పండితుడు ఊహించగలడు? 1854లో బెర్లిన్ నుండి వెలువడే క్రెల్లె పత్రికలో మరొక వ్యాసం వచ్చిన తరువాతనే లోకం ఆయనను గుర్తించింది. కోనిగ్స్‌బెర్గ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు నిచ్చింది. 1856లో ఆయన బెర్లిన్ చేరాడు. అప్పటికి వయస్సు నలభై దాటింది. 1861 చివర తీవ్రమైన అస్వస్థతకు గురైన తరువాత కూర్చుండియే ఉపన్యసించేవాడు. నల్లబల్లపై వ్రాసే పని ఒక పై తరగతి విద్యార్థిది.

1872 జూలై 18న బెర్లిన్‌లోని ప్రష్యా రాజాస్థాన విజ్ఞాన పరిషత్తులో వైయర్‌స్ట్రాస్ ఒక వ్యాసం చదివాడు. ఎక్కడా తెగని, అయినప్పటికీ ఏ ఒక్క బిందువు వద్దా స్పర్శరేఖ లేని వక్రాన్ని ఆయన అందులో ఒక సూత్రం రూపంలో చూపించాడు. ఆ సూత్రాన్ని నిర్మించిన సామగ్రి కొత్తది కాదు. అది ఇంటర్మీడియట్ విద్యార్థికి కూడ పరిచితమైన కొసైన్ తరంగం. తీగ కంపనం, ఉష్ణ ప్రసారం వంటి విషయాలను సాధించడానికి ఫోరియర్ కాలం నుండి అందరూ వాడుతున్న మృదువైన అలలే అవి. ఒక్కొక్క అలను విడిగా చూస్తే దానికంటె నునుపైన వక్రం ఉండదు. వాటిని ఒక పద్ధతిలో కూడితే నునుపుదనమే అదృశ్యమైపోవడం ఇందులోని ఆశ్చర్యం.

ఆ పద్ధతి ఇది. మొదటి అల మీద రెండవ అలను చేర్చాలి. రెండవ అల ఎత్తు మొదటిదానికంటె తక్కువగా ఉండాలి. కాని అది ఎన్నో రెట్లు వేగంగా ఊగాలి. మూడవది రెండవదానికంటె ఇంకా పొట్టిది, ఇంకా వేగవంతమైనది. ఇలా అంతులేకుండా సాగాలి. ఎత్తు తగ్గే నిష్పత్తిని a అనీ, వేగం పెరిగే నిష్పత్తిని b అనీ వైయర్‌స్ట్రాస్ వ్రాశాడు. a విలువ 0కు, 1కి మధ్య ఉండాలి. b బేసి పూర్ణాంకం కావాలి. ab అనే లబ్ధం 1 + 3π/2 కంటె, అనగా సుమారు 5.71 కంటె ఎక్కువ కావాలి. ఈ విచిత్రమైన సంఖ్య ఎక్కడ నుండి వచ్చిందో కొంచెం తరువాత తేలుతుంది. a విలువను 1/2గా తీసుకుంటే, ఈ నిబంధనకు సరిపోయే మొదటి బేసి సంఖ్య 13. అప్పుడు ab విలువ 6.5. కనుక పరిశీలనకు ఈ ప్రమేయాన్ని తీసుకుందాం:

f(x) = cos(πx) + (1/2)cos(13πx) + (1/4)cos(13²πx) + (1/8)cos(13³πx) + ...

దీనిని గోడ మీద గీయవలెనని ఎవరైనా అనుకుంటే ఏమవుతుందో చూడడం మంచిది. ఒక యూనిట్‌కు ఒక మీటరు చొప్పున తీసుకుందాం. మొదటి అల పొడవు 2 మీటర్లు, మధ్యరేఖ నుండి ఎత్తు 1 మీటరు, హాయిగా గీయవచ్చు. రెండవ అల ఎత్తు అరమీటరు, పొడవు 15 సెంటీమీటర్లకు కొంచెం పైన. మూడవ అల ఎత్తు 25 సెంటీమీటర్లు కాగా, పొడవు 12 మిల్లీమీటర్లకు లోపే. నాల్గవ అల వచ్చేసరికి ఎత్తు పన్నెండున్నర సెంటీమీటర్లు ఉండగా, ఒక పూర్తి అల ఒక్క మిల్లీమీటరు వెడల్పులో ఇమడాలి. అక్కడితో సుద్దముక్క పని ముగిసింది. ఆరవ అలకు మూడు సెంటీమీటర్ల ఎత్తు మిగిలి ఉంటుంది. పొడవు మాత్రం మిల్లీమీటరులో నూట ఎనభయ్యవ వంతు కూడ ఉండదు. ఎత్తులు సగం సగం తగ్గుతుంటే పొడవులు పదమూడవ వంతుకు కుంచించుకుపోతున్నాయి. ఈ రెండు వేగాల మధ్య ఉన్న తేడాయే మొత్తం కథకు మూలం.

ఇట్టి వక్రం తెగకుండా ఉంటుందా అన్నది మొదటి ప్రశ్న. దీనికి జవాబు ఎత్తులలో ఉన్నది. 1, 1/2, 1/4, 1/8 ... ఇవన్నీ కలిపినా 2 దాటవు. మొదటి పది అలలను కూడిన తరువాత మిగిలిన అనంతమైన అలలన్నీ కలిసి వక్రాన్ని పైకి గాని క్రిందికి గాని 1/512 కంటె ఎక్కువ కదల్చలేవు. ఇరవై అలల తరువాత ఆ కదలిక లక్షలో ఒక వంతు కన్నా చిన్నది. ముఖ్యమైన విషయం ఏమనగా, ఈ హద్దు x విలువ ఏదైనా ఒక్కటే. ఒకచోట త్వరగా, ఇంకొకచోట ఆలస్యంగా కుదురుకోవడం ఇందులో లేదు. దీనినే ఏకరూప అభిసరణం అంటారు. మొదటి పది అలల మొత్తం తెగని వక్రం. అసలు వక్రం దానికి అంతటా సన్నని పట్టీలో అంటుకొని ఉంటుంది. ఆ పట్టీని కోరినంత సన్నగా చేయవచ్చు. కనుక అసలు వక్రంలో తెగుదల ఉండడానికి చోటు లేదు. ఈ ఏకరూపత లేకపోతే ఏమి జరుగుతుందో 1826లో నార్వే యువకుడు ఆబెల్ చూపించియున్నాడు: నునుపైన సైన్ అలలను కూడితే వచ్చిన మొత్తం ఒక్కసారిగా తెగి క్రిందికి దూకింది. అంతకు ముందు కోషీ వంటి మహామహుడు అది జరగదని వ్రాసి ఉన్నాడు.

రెండవ ప్రశ్న స్పర్శరేఖ గురించి. స్పర్శరేఖ అనగా ఏమిటో ముందు జ్ఞాపకం చేసుకోవాలి. వక్రంపై ఒక బిందువును తీసుకొని, దానికి దగ్గరలోని మరొక బిందువుతో కలిపి ఒక జ్యా గీస్తాం. రెండవ బిందువును మొదటిదానివైపు జరుపుతూ పోతే, జ్యా వాలు క్రమంగా ఒక నిశ్చిత విలువ వద్ద కుదురుకోవాలి. కుడి నుండి వచ్చినా, ఎడమ నుండి వచ్చినా ఆ విలువ ఒక్కటే కావాలి. అలా కుదిరితే ఆ వాలు గల రేఖయే స్పర్శరేఖ.

మొదట సులభమైన చోటును, అంటే x = 0ను, తీసుకుందాం. అక్కడ అలలన్నీ శిఖరం మీద ఉంటాయి; కనుక f(0) = 2. అక్కడ నుండి 1/13 దూరం జరిగితే మొదటి అల కొద్దిగానే క్రిందికి దిగుతుంది. దాని విలువ 0.971 ఉంటుంది. కాని రెండవ అల సరిగ్గా లోయలో పడుతుంది. 13 బేసి సంఖ్య కావడంచేత మూడవది, నాల్గవది, ఆపైవన్నీ కూడ సరిగ్గా అదే చోట లోయలో ఉంటాయి. వాటి మొత్తం −1. కనుక f(1/13) విలువ సుమారు −0.029. అంటే 2.029 పడిపోవడం, జ్యా వాలు −26.4. ఇప్పుడు 1/169 దూరం మాత్రమే జరుగుదాం. లెక్క చేస్తే విలువ 0.985, వాలు −171. ఇంకా దగ్గరగా 1/2197 దూరంలో విలువ 1.493, వాలు −1115. దగ్గరకు పోయినకొద్దీ వాలు ప్రతిసారీ ఆరున్నర రెట్లు పెరుగుతున్నది. కొసైన్ అల ఇరువైపులా సౌష్ఠవంగా ఉంటుంది గనుక ఎడమవైపు ఇవే సంఖ్యలు ధనాత్మకంగా వస్తాయి. కుడి జ్యాలు నిట్టనిలువుగా క్రిందికి, ఎడమ జ్యాలు నిట్టనిలువుగా పైకి. రెండింటికీ రాజీ లేదు.

ఇది శిఖరం కాబట్టి ఇలా జరిగిందని, మిగిలినచోట్ల పరిస్థితి వేరుగా ఉండవచ్చునని ఎవరైనా ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణ న్యాయమైనది. వైయర్‌స్ట్రాస్ ప్రతిభ అంతా ఏ బిందువుకైనా వర్తించే విధంగా ఈ లెక్కను మలచడంలో ఉన్నది. ఆ తర్కం ఇలా సాగుతుంది.

మనకు ఇష్టమైన ఏదో ఒక బిందువు x₀. ఏదో ఒక మెట్టు m ఎంచుకొని, x₀ను 13^m చేత గుణిస్తే వచ్చే సంఖ్యకు అతి సమీపంలో ఉన్న పూర్ణాంకాన్ని p అందాం. p కి ముందున్నది p − 1, తరువాతది p + 1. వీటిని మళ్ళీ 13^m చేత భాగిస్తే x₀కు ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి, రెండు పొరుగు బిందువులు దొరుకుతాయి. x₀ నుండి వీటి దూరం 1/13^m లో సగానికి తక్కువ కాదు, ఒకటిన్నర రెట్లకు ఎక్కువ కాదు. ఆ రెండు బిందువుల వద్ద 13^m వేగంతో ఊగే అల సరిగ్గా శిఖరంలో గాని, సరిగ్గా లోయలో గాని ఉంటుంది. 13 బేసి సంఖ్య; సరిసంఖ్యను దానితో గుణిస్తే సరి, బేసి సంఖ్యను గుణిస్తే బేసి వస్తుంది. అందువలన దానికంటె వేగవంతమైన అలలన్నీ కూడ అక్కడ శిఖరంలోనే, లేదా అన్నీ లోయలోనే ఉంటాయి. p − 1, p + 1 రెండూ ఒకే జాతికి చెందిన సంఖ్యలు గనుక, ఎడమ పొరుగు లోయ అయితే కుడి పొరుగు కూడ లోయయే.

రెండూ లోయలే అనుకుందాం. అప్పుడు x₀ వద్ద వేగవంతమైన అలలలో ఏ ఒక్కటీ ఆ లోయకంటె క్రింద ఉండజాలదు. లోయయే కదా అల చేరగల అట్టడుగు! కనుక పొరుగు నుండి x₀ వరకు వచ్చేసరికి ఆ అలలన్నీ పైకే వస్తాయి, లేదా ఉన్నచోటనే ఉంటాయి. ఒకటి చేసిన పనిని మరొకటి రద్దు చేసే ప్రమాదం తప్పింది. అనంతమైన అలలను కూడేటప్పుడు అన్నింటికంటె భయపడవలసినది ఆ పరస్పర రద్దుకే. పైగా m వ అల ఒక్కదానినే చూచినా, x₀ శిఖరస్థానమైన p కి దగ్గరగా ఉండడంచేత, అది కనీసం (1/2)^m మేర పైకి లేచి ఉంటుంది. దూరమేమో 1/13^m కు ఒకటిన్నర రెట్లలోపు. కాబట్టి వేగవంతమైన అలల వలన వచ్చే వాలు కనీసం (2/3) × 6.5^m ఉంటుంది.

ఇక మిగిలినవి మొదటి m నెమ్మది అలలు. ఇవి ఎదురు తిరిగి ఈ వాలును తగ్గించవచ్చు. ఎంతవరకు తగ్గించగలవు? n వ అల వాలు ఎక్కడా π × 6.5^n దాటదు. వాటన్నింటినీ కలిపితే 6.5^m ను 5.5 చేత భాగించి π చేత గుణించిన దానికంటె తక్కువ, అంటే 0.5712 × 6.5^m లోపే. ఇటు పక్షాన 0.6667, అటు పక్షాన 0.5712. వేగవంతమైన అలలే గెలిచాయి, కాని స్వల్పమైన తేడాతో. ఆ తేడా 0.0955. జ్యా వాలు పరిమాణం ఎల్లప్పుడూ 0.0955 × 6.5^m కంటె ఎక్కువ. m విలువ 2 అయినప్పుడు అది సుమారు 4. 3 అయితే 26. 4 అయితే 170. 5 అయితే 1100 దాటుతుంది. హద్దు లేకుండా పెరిగే ఈ వాలులో ఎడమ జ్యా పైకి ఎక్కుతుంటే కుడి జ్యా క్రిందికి దిగుతుంటుంది. రెండు పొరుగులూ శిఖరాలైతే దీనికి విపర్యయం. ఏ విధంగా చూచినా x₀ వద్ద వాలు కుదురుకోదు. నిట్టనిలువు రేఖను స్పర్శరేఖగా ఒప్పుకుందామన్నా ఎడమ కుడి గుర్తులు వేరు కావడంచేత అదీ పొసగదు. x₀ ఏ బిందువైనా ఈ మాట నిజమే.

మొదట చెప్పిన 1 + 3π/2 రహస్యం కూడ ఇక్కడే విడిపోతుంది. π ను ab − 1 చేత భాగిస్తే వచ్చేది 2/3 కంటె తక్కువ కావాలన్న నిబంధనయే అది. ఆ సంఖ్య వక్రం స్వభావం నుండి రాలేదు, ఈ నిరూపణ అవసరం నుండి వచ్చింది. 13కు బదులు 11 తీసుకుంటే ab విలువ 5.5, తరాజు రెండవవైపు మొగ్గి నిరూపణ నిలవదు. అంతమాత్రాన వక్రానికి స్పర్శరేఖలు వచ్చాయని అనరాదు. ఈ దారిలో నిరూపించలేమని మాత్రమే అర్థం. నిజమైన సరిహద్దు ఎక్కడో 1916లో ఇంగ్లండులో హార్డీ తేల్చాడు. శ్రీనివాస రామానుజన్‌ను కేంబ్రిడ్జికి పిలిపించిన హార్డీయే ఈయన. ab విలువ 1గా గాని అంతకు మించి గాని ఉంటే చాలును, b బేసి పూర్ణాంకం కానక్కరలేదు, 1 కంటె పెద్దదైన ఏ సంఖ్యయైనా సరే, ఏ బిందువు వద్దా పరిమితమైన వాలు ఉండదని ఆయన నిరూపించాడు. ab విలువ 1కి లోపుగా ఉంటే మాత్రం కథ తలక్రిందులు అవుతుంది. ఉదాహరణకు ఎత్తులను ప్రతిసారీ ఇరవయ్యవ వంతుకు తగ్గిస్తూ, వేగాన్ని 13 రెట్లు చేస్తే, ab విలువ 0.65. అలల వాలులన్నీ కలిసినా 9 దాటవు. ఆ వక్రానికి అన్నిచోట్లా బుద్ధిగా స్పర్శరేఖ ఉంటుంది. ఎన్ని అనంతమైన అలలు కలిపామన్నది కాదు, ఎత్తు తగ్గే తీరుకు, వేగం పెరిగే తీరుకు ఉన్న నిష్పత్తియే తీర్పు చెబుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పుస్తకాలలోను, కంప్యూటర్ తెరపైనా ఈ వక్రం పేరిట కనిపించే ముళ్ళకంచె వంటి బొమ్మలు నిజానికి దానివి కావు. అవి కొన్ని అలల మొత్తాలు మాత్రమే. కొన్ని అలల మొత్తానికి ఎంత మొనదేలినట్లు కనిపించినా ప్రతిచోటా స్పర్శరేఖ ఉంటుంది. దీనిని పసిగట్టే ఉపాయం సులభం. మొదటి మూడు అలలను మాత్రమే కూడి, x = 0 వద్ద పైన చేసిన లెక్కనే మళ్ళీ చేయాలి. 1/169 దూరంలో జ్యా వాలు పరిమాణం 87 వస్తుంది. చూడడానికి భయంకరంగానే ఉంటుంది. కాని 13 రెట్లు దగ్గరకు పోతే 16, ఇంకొక 13 రెట్లు దగ్గరకు పోతే 1.25, ఆపైన 0.1. వాలు సున్నకు దిగిపోయి, శిఖరంపై అడ్డంగా స్పర్శరేఖ ప్రత్యక్షమవుతుంది. అసలు ప్రమేయంలో ఈ సంఖ్యలు ఎన్నడూ దిగవు, ఎక్కుతూనే ఉంటాయి. కన్ను ఈ తేడాను పట్టలేదు, లెక్క పడుతుంది.

వైయర్‌స్ట్రాస్ ఈ ఫలితాన్ని వెంటనే అచ్చువేయించలేదు. తన ఫలితాలను తరగతిలో చెప్పి ఊరుకోవడం ఆయనకు అలవాటు. ఈ ఉదాహరణ మొట్టమొదట 1875లో పాల్ డ్యూబ్వా-రేమాండ్ అనే మరొక గణితవేత్త వ్యాసంలో, వైయర్‌స్ట్రాస్ పేరుతోనే అచ్చయింది. దానిని గణితలోకం సంతోషంతో స్వీకరించలేదు. ఫ్రెంచి గణితవేత్త ఎర్మీట్ 1893లో స్టీల్‌యెస్‌కు వ్రాసిన లేఖలో, అవకలజం లేని ఈ ప్రమేయాలను ఒక వ్యాధిగా భావించి, భయంతోను జుగుప్సతోను వాటి నుండి ముఖం తిప్పుకుంటున్నట్లు చెప్పుకున్నాడు. పాయింకరే వీటిని వికృతాకారాల జాబితాలో చేర్చాడు. పూర్వులు ఏదో ప్రయోజనం కోసం కొత్త ప్రమేయాలను కనుగొనేవారనీ, ఇప్పుడు పూర్వుల తర్కాన్ని తప్పుపట్టడానికే కనుగొంటున్నారనీ ఆయన ఆరోపణ. పాయింకరే అంతటివాని మాట అయినా ఇది పూర్తిగా న్యాయం కాదు. తర్కంలో తప్పు నిజంగా ఉన్నప్పుడు దానిని చూపడం కూడ ప్రయోజనమే కదా. పైగా ఆ ప్రయోజనం మరొక దిక్కు నుండి కూడ వచ్చింది. నీటిలో తేలియాడే సూక్ష్మరేణువుల చలనాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలించిన జీన్ పెరాన్, ఆ రేణువు మార్గానికి ఏ బిందువు వద్దా దిశ నిర్ణయించలేకపోతున్నామనీ, స్పర్శరేఖ లేని వక్రాలే అక్కడ గుర్తుకు వస్తున్నాయనీ 1913లో వెలువడిన తన అణువుల గ్రంథంలో పేర్కొన్నాడు. ఆ చలనానికి నార్బర్ట్ వీనర్ కల్పించిన గణిత రూపంలో దాదాపు ప్రతి మార్గమూ అట్టిదేనని 1933లో పేలీ, వీనర్, జిగ్మండ్ నిరూపించారు. వికృతమనుకున్నదే అక్కడ సామాన్యమైంది.

భారతదేశంలో కూడ ఈ విషయంపై గట్టి కృషి జరిగింది. హిందూ గణితశాస్త్ర చరిత్రను విభూతిభూషణ్ దత్తాతో కలిసి రచించిన అవధేశ్ నారాయణ్ సింగ్, అవకలజం లేని ప్రమేయాల సిద్ధాంతం, నిర్మాణాల గురించి చేసిన ఉపన్యాసాలను 1935లో లక్నో విశ్వవిద్యాలయం ప్రచురించింది. పాత లెక్కలను వెలికితీసిన చేతులే ఈ కొత్త విషయాన్ని కూడ పట్టుకున్నాయి.

వైయర్‌స్ట్రాస్‌ను మొదటివాడు అనవచ్చునా అన్నది చరిత్రలో ఒక చిక్కు. ప్రాగ్ నగరవాసి, క్రైస్తవ పురోహితుడు అయిన బొల్జానో 1830 ప్రాంతంలోనే, తిన్నని గీతలను పదేపదే విరుస్తూ ఇటువంటి వక్రాన్ని నిర్మించాడు. పాలకుల ఆగ్రహానికి గురై విశ్వవిద్యాలయ పదవిని 1819లోనే కోల్పోయిన ఆయన వ్రాతప్రతి చాలాకాలం అజ్ఞాతంగా పడి ఉండి, మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన తరువాతనే వెలుగు చూచింది. తన వక్రానికి స్పర్శరేఖ లేని బిందువులు ఎంత చిన్న ఖండంలోనైనా ఉంటాయని మాత్రమే బొల్జానో చూపగా, అసలు ఏ బిందువు వద్దా లేదన్న సంగతిని 1922లో చెక్ గణితవేత్త రిఖ్లిక్ పూర్తిచేశాడు. ముందు కనుగొన్న గౌరవం బొల్జానోది. లోకానికి తెలియజేసి మార్గం మార్చిన గౌరవం వైయర్‌స్ట్రాస్‌ది.

ఇక రీమాన్ విషయం. వైయర్‌స్ట్రాస్ తన వ్యాసంలోనే ఆయన పేరు ప్రస్తావించాడు. sin(x) + sin(4x)/4 + sin(9x)/9 + sin(16x)/16 + ... అనే ప్రమేయానికి స్పర్శరేఖ లేదని రీమాన్ 1861లో గాని, అంతకు ముందు గాని తన విద్యార్థులకు చెప్పినట్లు ఆయనకు తెలియవచ్చింది. నిరూపణ మాత్రం ఎవరివద్దా దొరకలేదు. రీమాన్ 1866లో నలభై ఏళ్ళు నిండకుండానే మరణించాడు. ఆ నిరూపణ కష్టమని గ్రహించియే వైయర్‌స్ట్రాస్ తన సొంత ప్రమేయాన్ని నిర్మించుకున్నాడు. అది మంచి పనే అయింది. రీమాన్ ప్రమేయంలో అలల ఎత్తు తగ్గే తీరు, వేగం పెరిగే తీరు సరిగ్గా సమానం. ఒక్కొక్క అల వాలు పెరగదు, తరగదు. అట్టి అలలు ఒకదానినొకటి ఎక్కడ రద్దు చేసుకుంటాయో ముందుగా చెప్పడం కష్టం. π కు కరణీయ గుణిజాలైన బిందువులన్నింటివద్దా, కొన్ని అకరణీయ గుణిజాల వద్దా స్పర్శరేఖ లేదని హార్డీ 1916లో నిరూపించాడు. మిగిలిన బిందువుల సంగతి యాభై ఏళ్ళకు పైగా అలాగే ఉండిపోయింది. అందరూ అక్కడ కూడ స్పర్శరేఖ ఉండదనే అనుకున్నారు. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో సెర్జ్ లాంగ్ ఈ ప్రశ్నను తరగతిలో ప్రస్తావించగా, జోసెఫ్ గెర్వర్ అనే విద్యార్థి దానిని పట్టుకున్నాడు. లవం, హారం రెండూ బేసి సంఖ్యలైన భిన్నంతో π ను గుణిస్తే వచ్చే ప్రతి బిందువు వద్దా, ఉదాహరణకు x = π వద్ద, x = π/3 వద్ద, ఆ వక్రానికి స్పర్శరేఖ ఉన్నదనీ, దాని వాలు అన్నిచోట్లా సరిగ్గా −1/2 అనీ అతడు నిరూపించాడు. మిగిలిన అకరణీయ గుణిజాల వద్ద స్పర్శరేఖ లేదని కూడ తేల్చాడు. అతని వ్యాసం 1970లో అచ్చయింది.